యెరికో దారిలో మూడు చదువులు

ఫ్రాన్సులోని షార్త్ర్ పట్టణంలో ఎనిమిది వందల ఏళ్ళ నాటి పెద్ద చర్చి ఉంది. దాని రంగుగాజు కిటికీల్లో ఒకటి చెప్పులు కుట్టేవాళ్ళ కానుక అంటారు. కిటికీ అట్టడుగున ఉన్న గాజు పలకల్లో వాళ్ళే కనిపిస్తారు. వాళ్ళ పైన మంచి సమరయుడి కథ మొదలవుతుంది. బాటసారి బయల్దేరతాడు, దొంగలు మీదపడతారు, యాజకుడూ లేవీయుడూ చూసి తప్పుకుంటారు, సమరయుడు వచ్చి గాయపడినవాణ్ణి సత్రానికి చేరుస్తాడు. ఇంతవరకూ ఆదివారం బడి పిల్లలకు కూడా తెలిసిన కథే. తల ఇంకాస్త పైకెత్తి చూస్తే మాత్రం బొమ్మలు మారిపోతాయి. దేవుడు ఆదామును చేస్తుంటాడు, హవ్వ వస్తుంది, వద్దన్న పండు కోస్తారు, ఇద్దరినీ తోటలోంచి గెంటేస్తారు.

లూకా సువార్త పదో అధ్యాయంలో ఉన్న ఈ ఉపమానంలో ఆదాము ఊసే లేదు. అలాగని ఆ గాజు పనివాళ్ళు పొరబడలేదు. వాళ్ళ కాలంలో చదువుకున్నవాళ్ళంతా ఈ కథను చదివిన తీరే వాళ్ళూ గాజు మీద దించారు. ఇవాళ ఆ తీరులో పరీక్షలో జవాబు రాస్తే చాలా సెమినరీల్లో మార్కులు పడవు. అదే తీరులో ప్రసంగం చేస్తే మాత్రం సంఘం ఆమెన్ అంటుంది. ఈ తేడా ఎక్కడ మొదలైందో తెలుసుకోవడానికి సమరయుడి కథ కంటే మంచి పాఠం దొరకదు. అక్షరార్థంగా, అన్యాపదేశంగా, చారిత్రక విమర్శ దృష్టితో చదివిన మూడు తరహాల పాఠకులూ దీని మీద గట్టిగా పనిచేశారు, గట్టిగా పోట్లాడుకున్నారు కూడా.

ముందుగా అన్యాపదేశం సంగతి. సెమినరీ తరగతుల్లో ‘అలిగరీ’ అనే మాటే ఎక్కువ వినిపిస్తుంది. కథలో కనిపించే ప్రతి మనిషీ, ప్రతి వస్తువూ కథకు బయట ఉన్న మరొకదాన్ని సూచిస్తున్నాయని అనుకుని చదవడం ఇది. మూడో శతాబ్దపు పండితుడు ఆరిజెన్ లూకా మీద చేసిన ప్రసంగాలు జెరోమ్ లాటిన్ అనువాదంలో మనకు మిగిలాయి. వాటిలో 34వది ఈ కథ గురించే. అందులో ఆరిజెన్ తనకంటే ముందున్న ఒక పెద్ద చెప్పిన అర్థాన్ని అందిస్తాడు. దాని ప్రకారం దిగి వెళ్తున్న మనిషి ఆదాము, యెరూషలేము పరదైసు, యెరికో ఈ లోకం. దొంగలు శత్రుశక్తులు. యాజకుడు ధర్మశాస్త్రం, లేవీయుడు ప్రవక్తలు, సమరయుడు క్రీస్తు. సత్రం సంఘం. మళ్ళీ వస్తానని సమరయుడు చెప్పడం రెండో రాకడ. ఆరిజెన్ కాలానికే ఇది పెద్దల నుంచి వచ్చిన పాత చదువన్నమాట.

ఇంకో నూటయాభై ఏళ్ళకు ఉత్తర ఆఫ్రికాలో బిషప్పుగా ఉన్న అగస్టీన్ దీన్ని మరింత నగిషీ చెక్కాడు. ఆయన లెక్కలో యెరికో అంటే చంద్రుడు, అంటే పెరిగి తరిగిపోయే మనిషి ఆయుష్షు. దొంగలు ఒలుచుకుపోయిన బట్టలు మన అమరత్వం. నూనె మంచి నిరీక్షణ ఇచ్చే ఓదార్పు, ద్రాక్షారసం ఉత్సాహంగా పనిచేయమన్న హెచ్చరిక. సమరయుడు ఎక్కి వచ్చిన జంతువు క్రీస్తు ధరించిన శరీరం. చివరికి పూటకూళ్ళవాడు ఎవరో కాదు, అపొస్తలుడైన పౌలు.

ఈ చివరి మాట చదివి నవ్వడం తేలిక. యేసు ఈ కథ చెప్పాడంటున్న రోజుల్లో పౌలు ఇంకా సంఘంలోకే రాలేదు. 1935లో అచ్చయిన తన ఉపమానాల పుస్తకంలో సి.హెచ్. డాడ్ అగస్టీన్ వివరణను మొదట్లోనే పెట్టాడు, ఇలా చదవకూడదని చూపించడానికే. అప్పటి నుంచీ సెమినరీల్లో అగస్టీన్ ఒక చెడ్డ ఉదాహరణగా మిగిలిపోయాడు. ఇది కొంత అన్యాయం.

ఎందుకంటే అదే అగస్టీన్ క్రైస్తవ బోధ గురించి రాసిన మరో గ్రంథంలో, మొదటి భాగంలో, ఇదే కథను పూర్తిగా మామూలు అర్థంలో వాడుకున్నాడు. పొరుగువాడంటే ఎవరన్న ప్రశ్న అక్కడ వచ్చింది. మన దయ అవసరమైన ప్రతి మనిషీ పొరుగువాడే, శత్రువు కూడా అందులోకి వస్తాడు అని ఆయన ఈ కథ చూపించే వాదించాడు. పౌలు, చంద్రుడు, క్రీస్తు ఎక్కిన జంతువు, ఇవేవీ అక్కడ కనిపించవు. అంటే ఆయనకు కథ అర్థం కాలేదని కాదు. ఏం చేయాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఒక రకంగా, దేవుడు ఏం చేశాడు అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఇంకో రకంగా చదివాడు. రెండో ప్రశ్నకు ఈ ఒక్క కథలో జవాబు ఉండి తీరాలన్నది ఆయన నమ్మకం. లేఖనమంతా ఒకే కథ అనుకునేవాడికి ఏ చిన్న కథలోనైనా పెద్ద కథ కనిపించడం సహజమే. పౌలు కూడా గలతీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో హాగరునూ శారానూ రెండు నిబంధనలుగా చదివాడు, కాబట్టి ఈ దారి తొక్కడానికి బైబిల్లోనే అనుమతి ఉందని పాతవాళ్ళు అనుకున్నారు.

చిక్కు మరో చోట ఉంది. బాటసారి సగం చచ్చి పడి ఉన్నాడు. అన్యాపదేశంగా చదివితే అతను పాపంలో పడిన మానవజాతి. అతను సగమే చచ్చాడంటే ఏమిటి? దేవుణ్ణి ఎరిగే శక్తి ఉన్నంత మేరకు మనిషి బతికే ఉన్నాడని, పాపం నలిపిన మేరకు చచ్చాడని అగస్టీన్ అన్నాడు. తర్వాతి శతాబ్దాల్లో కొందరు ఇదే పట్టుకుని, మనిషి స్వేచ్ఛాసంకల్పం పూర్తిగా చావలేదు, ఈ కథే సాక్ష్యం అని వాదించారు. పదహారో శతాబ్దంలో కాల్విన్ తన సువార్తల వ్యాఖ్యానంలో ఈ వాదనను ఖండించడానికి కూడా తగనిదని తోసిపారేశాడు. ఒక గాయపడినవాడి పరిస్థితి చెప్పడానికి కథకుడు వాడిన చిన్న వివరం మీద మోక్షసిద్ధాంతం మొత్తం కట్టారన్నది ఆయన కోపం.

అన్యాపదేశం తప్పుతోందని గుర్తుపట్టడానికి ఇదే అన్నిటికంటే నమ్మకమైన ఆనవాలు. ముందే వేరేచోట స్థిరపడిన నమ్మకానికి కథను బొమ్మగా వాడుకున్నంత సేపు పెద్ద ప్రమాదం లేదు. షార్త్ర్ కిటికీ చేసింది అదే. కథలోని ఒక వివరాన్ని సాక్ష్యంగా నిలబెట్టి కొత్త సిద్ధాంతం తేల్చబోయినప్పుడు నేల జారుతుంది, ఎందుకంటే అదే వివరంతో ఎదుటివాడు దానికి పూర్తి వ్యతిరేకమైనది తేల్చగలడు. మధ్యయుగపు పెద్దలకు ఇది తెలియనిది కాదు. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ తన మహాగ్రంథం మొదటి ప్రశ్నలోనే ఈ హద్దు గీశాడు. ఎన్ని అర్థాలైనా ఉండొచ్చు గానీ వాదనకు ఆధారమయ్యేది అక్షరార్థం ఒక్కటే అన్నాడు.

మరి అక్షరార్థం అంటే ఏమిటి? ఇక్కడే చాలామంది విద్యార్థులు తడబడతారు. ఉన్నదున్నట్టు చదవడమంటే కథ నిజంగా జరిగిందని నమ్మడమే అనుకుంటారు. అక్వినాస్ అలా అనలేదు. ఉపమానంగా చెప్పిన మాట అక్షరార్థం అంటే ఉపమానం ద్వారా చెప్పదలచుకున్నదే అని ఆయన వివరించాడు. దేవుని బాహువు అని లేఖనం అంటే దేవుడికి నిజంగా చేయి ఉందని కాదు, పనిచేసే శక్తి ఉందని. అంటే సమరయుడి కథను అక్షరార్థంగా చదవడానికి ఆ సమరయుడి పేరూ ఊరూ వెతకనక్కర్లేదు. వాక్యాలు ఏం చెబుతున్నాయో, ఏ వరసలో చెబుతున్నాయో, ఎవరి ప్రశ్నకు జవాబుగా చెబుతున్నాయో చూస్తే చాలు.

చూద్దాం. ఒక ధర్మశాస్త్రోపదేశకుడు లేచి నిత్యజీవం కోసం ఏం చేయాలని అడుగుతాడు. ధర్మశాస్త్రంలో ఏముంది అని యేసు ఎదురడుగుతాడు. దేవుణ్ణి ప్రేమించాలన్న ద్వితీయోపదేశకాండపు మాటా, పొరుగువాణ్ణి ప్రేమించాలన్న లేవీయకాండపు మాటా ఆ ఉపదేశకుడే చెబుతాడు. ఆ తర్వాత పొరుగువాడెవరన్న ప్రశ్న వస్తుంది. ఇది కుటిల ప్రశ్నగా మనకు అలవాటైపోయింది గానీ న్యాయంగా అడగదగ్గదే. లేవీయకాండం 19వ అధ్యాయం 18వ వచనంలో పొరుగువాడి మాట నీ ప్రజల పిల్లల మాటతో కలిసి వస్తుంది. అదే అధ్యాయం 34వ వచనం మీ మధ్య నివసించే పరదేశినీ ప్రేమించమంటుంది. హద్దు ఎక్కడ అన్నది చట్టం చదివినవాడికి రావలసిన సందేహమే.

యేసు కథ చెప్పి చివర వేసిన ప్రశ్న ఇదే ప్రశ్న కాదు. నేను ప్రేమించవలసిన పొరుగువాడెవరు అని అతను అడిగితే, ఆ ముగ్గురిలో ఎవరు పొరుగువాడయ్యాడు అని యేసు అడిగాడు. దెబ్బలు తిన్నవాడు కాదు, దెబ్బలకు కట్టు కట్టినవాడు పొరుగువాడయ్యాడు. ఉపదేశకుడి జవాబు కూడా గమనించదగ్గది. సమరయుడు అనే మాట అతని నోట రాలేదు, జాలి చూపినవాడు అని తప్పుకున్నాడు. అన్యాపదేశంగా చదివేవాడు సమరయుడు క్రీస్తు అని ముందే తేల్చేసుకుంటే ఈ మలుపులో ఉన్న పదును అంతా మొద్దుబారిపోతుంది. క్రీస్తు పేరు చెప్పడానికి ఎవరు సంకోచిస్తారు?

అక్షరార్థ పఠనానికి నేల కూడా సాయం చేస్తుంది. యెరూషలేము సముద్రమట్టానికి సుమారు 750 మీటర్ల ఎత్తున ఉంది. యెరికో సముద్రమట్టానికి సుమారు 250 మీటర్ల కింద ఉంది. ఇరవై ఏడు కిలోమీటర్ల దారిలో మనిషి దాదాపు కిలోమీటరు లోతుకు దిగుతాడు. ఆ దారి బోడి కొండల మధ్య, మలుపుల మీద మలుపులతో పోతుంది. దొంగలు కాచుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. ఇది తెలిస్తే మన సువార్త సభల్లో తరచూ వినిపించే ఒక ప్రసంగాన్ని పరీక్షించడం తేలిక. యెరూషలేము దేవుని సన్నిధి, దాన్ని విడిచి దిగిపోయినవాడు విశ్వాసంలో పడిపోయినవాడు, అందుకే దెబ్బలు తిన్నాడు అని బోధకుడు ఆవేశంగా చెబుతాడు. వాక్యంలో ఉన్నదే చెబుతున్నానని అతని నమ్మకం. నిజానికి అది తెలియకుండా చేసిన అన్యాపదేశమే. ఆ దారిలో పోయే ఎవరైనా దిగే పోవాలి. పైగా యాజకుడు కూడా దిగే వెళ్తున్నాడని 31వ వచనం చెబుతోంది, మరి అతనికి దెబ్బలేమీ తగల్లేదు. దెబ్బలు తిన్నవాడిదే తప్పన్న అర్థం కథలో ఎక్కడా లేదు. బోధకుడు తెచ్చి పెట్టింది అది.

దీనికి ఎదురు చివర మరో పొరపాటు ఉంది. ఆ దారిలో మంచి సమరయుడి సత్రం పేరుతో ఒక పాత కట్టడాన్ని యాత్రికులకు చూపిస్తారు. 2009లో అక్కడ మొజాయిక్ నేలల ప్రదర్శనశాల కూడా తెరిచారు. ఆ దారిలో బాటసారులకు విడిది ఉండేదనడానికి అది సాక్ష్యం, అంతవరకే. కథలో వచ్చిన సత్రం ఇదే అని నమ్మేవాడు కథను వార్తగా మార్చుకున్నట్టు. ఈ కథను మామూలు అర్థంలో తీసుకుని ఆచరణలో పెట్టినవాళ్ళకు ఆ సత్రంతో పనిలేకపోయింది. మన దేశంలో 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్‌లో రోడ్డు ప్రమాద బాధితుణ్ణి ఆదుకున్నవాడికి రక్షణ కల్పించి, అతన్ని ఈ కథలోని పేరుతోనే గుడ్ సమారిటన్ అంది.

ఇక చారిత్రక విమర్శ పద్ధతి. పంతొమ్మిదో శతాబ్దం చివర జర్మన్ పండితుడు అడాల్ఫ్ యూలిషర్ రెండు సంపుటాల్లో యేసు ఉపమానాలను పరిశీలించి, ఆదినుంచీ వచ్చిన అన్యాపదేశ పఠనాన్ని వేళ్ళతో పెకిలించాడు. ఉపమానం చెప్పేది ఒకటే సంగతి, వివరాలన్నీ దాన్ని నిలబెట్టేవే అన్నాడు. సమరయుడి కథను ఆదర్శం చూపే కథగా వర్గీకరించాడు. ఆయన గీసిన గీత మరీ నిటారుగా ఉందని తర్వాతివాళ్ళు సరిదిద్దారు. కానీ ఈ వాక్యం ఎవరు, ఎప్పుడు, ఎవరికి, దేనిమీద ఆధారపడి రాశారు అన్న ప్రశ్నలు ఆ తర్వాత వెనక్కి పోలేదు. ఈ పద్ధతి నిజంగా ఎలా పనిచేస్తుందో ఒక చిన్న చోట దగ్గరగా చూడొచ్చు.

బల్లమీద మూడు సువార్తలూ పక్కపక్కన తెరిచి పెట్టాలి. మార్కు 12వ అధ్యాయంలో ఒక శాస్త్రి యేసును అన్నిటిలో ముఖ్యమైన ఆజ్ఞ ఏది అని అడుగుతాడు. అది యెరూషలేములో, సిలువకు కొద్ది రోజుల ముందు జరిగిన సంగతి. రెండు ఆజ్ఞలూ యేసే చెబుతాడు. శాస్త్రి బాగా చెప్పావని మెచ్చుకుంటాడు, యేసూ అతన్ని మెచ్చుకుంటాడు. ఆపైన ఎవరూ ఆయనను ప్రశ్నించడానికి సాహసించలేదని మార్కు ముగిస్తాడు. లూకాలో ఇదే లాంటి సంభాషణ పదో అధ్యాయంలోకి, యెరూషలేముకు పోయే ప్రయాణంలోకి వచ్చింది. ఆజ్ఞలు చెప్పింది ఉపదేశకుడు. అతను మెచ్చుకోవడానికి రాలేదు, శోధించడానికి వచ్చాడు. వెంటనే మార్కులో లేని సమరయుడి కథ మొదలవుతుంది.

ఇవి రెండు వేర్వేరు సంఘటనలు అయి ఉండొచ్చు కదా అని విద్యార్థి అడుగుతాడు, అడగాలి కూడా. జవాబు కోసం లూకా 20వ అధ్యాయానికి వెళ్ళాలి. అక్కడ లూకా మార్కు వరసనే అనుసరిస్తున్నాడు. ముఖ్యమైన ఆజ్ఞ ప్రశ్న రావలసిన చోట అది లేదు. కానీ 39, 40 వచనాల్లో కొందరు శాస్త్రులు బోధకుడా, బాగా చెప్పావు అంటారు, ఆపైన ఎవరూ ప్రశ్నించడానికి తెగించలేదన్న మాట వస్తుంది. మార్కులో ఆ సంభాషణకు తలా తోకా ఉన్న మాటలివి. మధ్య భాగం లేదు, అంచులు మాత్రం మిగిలాయి. లూకా ఆ భాగాన్ని అక్కడి నుంచి తీసి పదో అధ్యాయంలో సమరయుడి కథకు గుమ్మంగా పెట్టాడని ఊహించడానికి ఇది బలమైన ఆనవాలు.

బలమైనదే, తిరుగులేనిది కాదు. మత్తయి 22వ అధ్యాయంలో కూడా ఈ ప్రశ్న అడిగింది ధర్మశాస్త్రోపదేశకుడే, శోధించడానికే. ఈ రెండు సంగతులూ మార్కులో లేవు, మత్తయి లూకాల్లో ఉన్నాయి. కాబట్టి మార్కు కాక మరో మూలం కూడా లూకా చేతిలో ఉండి ఉంటుందని కొందరు పండితులు వాదిస్తారు. ఈ పద్ధతిలో మంచి విద్యార్థి రాసే వాక్యం ‘లూకా మార్చాడు’ అని ఉండదు, ‘లూకా మార్చాడనడానికి ఇదీ కారణం, కాదనడానికి అదీ కారణం’ అని ఉంటుంది.

చరిత్ర తెలిస్తే సమరయుడన్న మాటకు ఎంత వేడి ఉందో కూడా తెలుస్తుంది. గెరిజీము కొండ మీద సమరయుల ఆలయాన్ని క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం చివరి దశాబ్దాల్లో యూదుల పాలకుడు జాన్ హిర్కానస్ పడగొట్టాడు. క్రీస్తుశకం మొదటి దశాబ్దంలో కొందరు సమరయులు పస్కా పండుగ వేళ యెరూషలేము ఆలయంలో మనుషుల ఎముకలు చల్లారని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. లూకా సువార్తలోనే, ఈ కథకు ఒక్క అధ్యాయం ముందు, ఒక సమరయ గ్రామం యేసును రానివ్వలేదు, శిష్యులు ఆ ఊరి మీద ఆకాశం నుంచి అగ్ని కురిపించాలన్నారు. కథ వింటున్నవాళ్ళ చెవికి మంచి సమరయుడు ఎంత పొసగని జోడో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. ఇప్పుడది ఆసుపత్రుల బోర్డుల మీద పేరు కావడంతో ఆ గరుకు మనకు తగలదు.

చారిత్రక విమర్శ తనకు తానే వేసుకున్న ఉచ్చు కూడా ఈ కథలోనే ఉంది. యాజకుడు ఎందుకు ఆగలేదు? శవాన్ని ముట్టుకుంటే మైల, ఆలయసేవకు పనికిరాడు, అందుకే తప్పుకున్నాడని ఎన్నో వ్యాఖ్యానాలు రాశాయి, లెక్కలేనన్ని ప్రసంగాలు చెప్పాయి. వినడానికి చరిత్రలా ఉంటుంది. లేవీయకాండం 21వ అధ్యాయం యాజకుడు దగ్గరి బంధువుల శవాలను తప్ప ముట్టకూడదని చెబుతుంది కూడా. కాని ఒక్కొక్కటే సరిచూస్తే ఈ వివరణ నిలబడదు. యాజకుడు ఆలయానికి పోవడం లేదు, యెరూషలేము నుంచి దిగి వస్తున్నాడు. లేవీయుడికి ఆ అధ్యాయంలోని నిషేధం వర్తించదు. బాటసారి చావనే లేదు. చచ్చినా, దిక్కులేని శవం ఎదురైతే ప్రధాన యాజకుడు సైతం పాతిపెట్టాలన్న బాధ్యత గురించి మిష్నాలోని నాజీరు ప్రకరణం మాట్లాడుతుంది. మిష్నా సుమారు క్రీస్తుశకం 200 నాటి సంకలనం కాబట్టి, అది యేసు కాలపు ఆచారమని గుడ్డిగా చెప్పకూడదు. అయినా యూదు మతం మైల పేరుతో మనిషిని చావనిచ్చేదన్న ఆరోపణకు ఆధారం లేదని చూపడానికి అది చాలు. కొత్త నిబంధన చదువు చెప్పే యూదు పండితురాలు ఏమీ-జిల్ లెవీన్ ఈ సంగతిని 2014లో వచ్చిన తన ఉపమానాల పుస్తకంలో గట్టిగా చెప్పింది. ఆమె చూపిన మరో మెలిక ఇంకా పదునైనది. యాజకుడు, లేవీయుడు అని వరస మొదలుపెడితే యూదు శ్రోత మూడోవాడు మామూలు ఇశ్రాయేలీయుడు అని ఎదురుచూస్తాడు. ఆ మూడో చోట శత్రువు నిలబడ్డాడు.

ఇంకోటి కూడా మర్చిపోకూడదు. సమరయులకూ మోషే ఐదు కాండాలే లేఖనం. మైల గురించి యాజకుడు చదివినదే సమరయుడూ చదివాడు. మైల యాజకుణ్ణి ఆపిందంటే, సమరయుణ్ణి ఎందుకు ఆపలేదో చెప్పాలి.

ఈ పద్ధతి ఇచ్చే ఆనందం మరొకటి ఉంది, పాత నిబంధనలో దాక్కున్న అడుగుజాడలు దొరకడం. రెండవ దినవృత్తాంతముల గ్రంథం 28వ అధ్యాయం తెరిస్తే, ఉత్తర రాజ్యపువాళ్ళు యూదావాళ్ళను ఓడించి చెరపట్టి సమరయకు తెస్తారు. ఓదేదు అనే ప్రవక్త వాళ్ళను మందలిస్తాడు. అప్పుడు కొందరు పెద్దలు లేచి, చెరలో ఉన్నవాళ్ళలో బట్టలు లేనివాళ్ళకు బట్టలిచ్చి, అన్నపానాలిచ్చి, నూనె రాసి, నడవలేనివాళ్ళను గాడిదల మీద ఎక్కించి యెరికోకు చేరుస్తారు. సమరయ మనుషులు, బట్టలు పోయినవాళ్ళు, నూనె, గాడిద, యెరికో, అన్నీ అక్కడున్నాయి. లూకా పదో అధ్యాయంలోని కథ దీన్ని తలుచుకుంటూ అల్లిందని చాలామంది పండితుల అభిప్రాయం. అదే నిజమైతే ఆ ఉపదేశకుడు తాను చదివిన లేఖనంలోంచే సమరయుడి దయను గుర్తుపట్టాలి.

ఇది యేసు చెప్పిన కథేనా అన్న ప్రశ్న కూడా చారిత్రక విమర్శ వదలదు. ఇది లూకాలో తప్ప ఎక్కడా లేదు. భాషా శైలీ లూకావే. కథోలిక యాజకుడైన జాన్ మైయర్ 2016లో వెలువడిన తన పరిశోధన ఐదో సంపుటిలో, ఇది లూకా స్వయంగా కూర్చిన కథ కావచ్చని తేల్చాడు. చాలామంది ఒప్పుకోలేదు. ఒప్పుకోవలసిన పని లేదు కూడా, సాక్ష్యం ఏ వైపుకూ పూర్తిగా మొగ్గదు. 1993లో వాటికన్ బైబిల్ సంఘం వెలువరించిన పత్రం చారిత్రక విమర్శ పద్ధతిని తప్పనిసరి అంటూనే, అదొక్కటే చాలదని కూడా అంది. మైయర్ ఉదాహరణ చూస్తే ఎందుకో అర్థమవుతుంది. కథ ఎవరిదో తేల్చే ఈ పద్ధతికి, ఆదివారం ప్రసంగంలో ఆ కథతో ఏం చేయాలో చెప్పే శక్తి లేదు. ప్రసంగీకుడు బోధించేది చర్చి చేతికి వచ్చిన లూకా పాఠాన్ని, దాని వెనుక ఉండొచ్చని ఊహించిన చిత్తుప్రతిని కాదు.

ఈ మూడు చదువులూ ఒకచోట పరీక్షించుకోవాలనుకున్న విద్యార్థికి ఒక చిన్న వివరం సరిపోతుంది. సమరయుడు మర్నాడు పూటకూళ్ళవాడికి రెండు దేనారములు ఇచ్చాడు. ఆరిజెన్ అందించిన పాత చదువులో అవి తండ్రీ కుమారులు. అగస్టీన్‌కు అవి ప్రేమను గురించిన రెండు ఆజ్ఞలు. ఇద్దరూ వేర్వేరు చెప్పారు, ఎవరిది తప్పో చెప్పడానికి కథలో దారి లేదు. అన్యాపదేశానికి ఉన్న బలహీనత ఇక్కడ అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది.

అక్షరార్థంగా అది డబ్బు. మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట కూలీకి రోజుకు ఒక దేనారము కుదిరింది, కాబట్టి ఇది రెండు రోజుల కూలి. సమరయుడు అప్పటికే నూనె, ద్రాక్షారసం, కట్టుగుడ్డలు, ఒక రాత్రి నిద్ర ఖర్చుపెట్టాడు. ఇప్పుడు డబ్బు ఇచ్చి, ఇంకా ఏమైనా అయితే వస్తూ ఇస్తానని మాట కూడా ఇచ్చాడు.

చారిత్రక విమర్శ ఇంకో అడుగు వేసి, ఆ మాట ఎందుకు కావలసివచ్చిందని అడుగుతుంది. దొంగలు ఆ మనిషిని నిలువునా దోచారు, ఒంటిమీద గుడ్డ కూడా లేదు. ఆనాటి సత్రాలకు, సత్రం నడిపేవాళ్ళకు మంచి పేరు లేదు. బాకీ తీర్చలేనివాణ్ణి అమ్మించే ఆచారం ఉందని మత్తయి 18వ అధ్యాయంలోని మరో ఉపమానం చెబుతుంది. అంటే గాయాలు మానిన రోజున బిల్లు చేతిలో పడితే, దొంగల చేతుల్లోంచి బతికి బయటపడినవాడు అప్పుల్లో చిక్కే ప్రమాదం ఉంది. సమరయుడు పూటకూళ్ళవాడితో మాట్లాడి, ఎంతయినా తన ఖాతాలో రాసుకోమన్నాడు.